తెల్లవారుజాము రీడింగు గురించి ఒక ఈమెయిల్

వెంకటాచలం నుంచి తూర్పుగా ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు వెళ్తుంటే రొయ్యల గుంటలు కనిపిస్తాయి. వాటిని చూసుకుంటూ తిరిగే ఫీల్డ్ టెక్నీషియన్‌కు పైఅధికారితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే రోజులు తక్కువ. ఆయన ఆఫీసులో ఉంటారు, ఇతను గట్ల మీద ఉంటాడు. పనిలో తేడా వస్తే ఆ మాట చాలాసార్లు ఈమెయిల్‌లోనే చేరుతుంది. మనిషి నొచ్చుకోకుండా, విషయం మాత్రం దాచకుండా ఆ ఈమెయిల్ ఎలా రాయాలో ఒక సందర్భం ఊహించుకుని చూద్దాం.

ముందు పని సంగతి. గుంట నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను అక్కడ అందరూ డీఓ అంటారు. పగలు నీటిలోని పచ్చటి సూక్ష్మజీవులు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రి ఆ తయారీ ఆగిపోతుంది కానీ వాడకం ఆగదు. రొయ్యలు, ఆ సూక్ష్మజీవులు, అడుగున కుళ్లే మేత అన్నీ ఉన్నదాన్నే తీసుకుంటాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు డీఓ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. వెనామీ రొయ్యకు లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైన ఉంటే నిశ్చింత, 3 కంటే దిగితే ప్రమాదం. ఎండెక్కాక తీసిన రీడింగు తప్పేమీ కాదు గానీ, అది రాత్రి జరిగినదాన్ని చెప్పదు.

ఇప్పుడు ఒక టెక్నీషియన్ మూడో నంబరు గుంట రీడింగును వరుసగా ఎనిమిదిన్నర దాటాకే తీస్తున్నాడనుకుందాం. అంకెలు బాగున్నాయని రైతు రాత్రిపూట రెండు ఏరియేటర్లు ఆపేశారు. ఒక తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకు చేరాయి. రైతు ఆఫీసుకు ఫోన్ చేశారు. అధికారికి కోపం వచ్చింది. ఆ కోపంలో రాసే ఈమెయిల్ దాదాపు ఇలా ఉంటుంది: ‘మీ పనిలో నిర్లక్ష్యం కనిపిస్తోంది. ఎన్నిసార్లు చెప్పినా మార్పు లేదు. ఇకనైనా బాధ్యతగా ఉండండి.’

ఇందులో గుంట నంబరు లేదు, సమయం లేదు, అంకె లేదు. ఉన్నదల్లా ఆ మనిషి ఎలాంటివాడన్న తీర్పు. చదివినవాడు గుంట గురించి ఆలోచించడు, తాను నిర్లక్ష్యపు మనిషిని కాదని ఎలా నిరూపించాలా అని ఆలోచిస్తాడు. అవ్రహం క్లూగర్, ఏంజెలో డెనిసీ అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాలను కూడగట్టి 1996లో ఒక ఫలితం ప్రకటించారు. పనితీరు గురించి చెప్పడం మొత్తమ్మీద మేలే చేసినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పని ముందుకంటే తగ్గింది. మాట పని మీది నుంచి మనిషి మీదికి మళ్లినకొద్దీ దాని ఫలితం తగ్గిపోతుందని వాళ్లు దానికి కారణం చెప్పారు.

కోపం చల్లారాక కొందరు రెండో కొసకు పోతారు. ‘మీరు చాలా బాగా పనిచేస్తున్నారు. రీడింగుల విషయంలో ఇంకొంచెం శ్రద్ధ పెడితే ఇంకా బాగుంటుంది. మీ మీద మాకు నమ్మకం ఉంది.’ నా దృష్టిలో ఇది మొదటిదానికంటే ఎక్కువ అన్యాయం. అతను సంతోషంగా చదివి, మర్నాడు కూడా ఎనిమిదిన్నరకే వెళ్తాడు. మూడు నెలల తర్వాత ఇంక్రిమెంటు తగ్గినప్పుడు, ఆ ‘ఇంకొంచెం శ్రద్ధ’ ఇదేనని అతనికి తెలుస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను:

‘విషయం: మూడో గుంట, ఉదయం డీఓ తీసే సమయం

నమస్తే. పోయిన సోమ, బుధ, శుక్రవారాల రిపోర్టుల్లో మూడో గుంట డీఓ 5.4, 5.6, 5.3 అని ఉంది. మూడు రోజులూ రీడింగు ఎనిమిదిన్నర దాటాక తీసినట్టు ఉంది. శనివారం తెల్లవారుజామున ఐదింటికి రైతు తన మీటరుతో చూస్తే 2.9 వచ్చింది, రొయ్యలు పైకి తేలాయి. రిపోర్టులో అంకె ఐదుకు పైన ఉండడం చూసి ఆయన రాత్రి రెండు ఏరియేటర్లు ఆపుతున్నారట.

రాత్రి ఎన్ని ఏరియేటర్లు తిప్పాలో తేల్చుకోవడానికి ఆయనకు సూర్యోదయానికి ముందటి అంకె కావాలి. మీ రూటులో ఆ గుంట చివర వస్తుందని తెలుసు. రూటు తిరగేద్దామా, లేకపోతే గుంట కాపలా మనిషికి మీటరు ఇచ్చి నేర్పిద్దామా? ఇంకేదైనా అడ్డు ఉంటే అదీ చెప్పండి. గురువారంలోపు మీ మాట కావాలి. అప్పటిదాకా రాత్రిళ్లు అన్ని ఏరియేటర్లూ తిప్పమని రైతుకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

చెక్ ట్రేలలో మిగిలిన మేతను మీరు ఏ గుంటకు ఆ గుంట విడిగా రాస్తున్నారు. పోయిన వారం మేత ఎక్కడ తగ్గించాలో రైతులకు చెప్పగలిగింది వాటిని చూసే.’

ఇందులో మెత్తటి మాటలు పెద్దగా లేవు. అయినా గుచ్చుకోదు, ఎందుకంటే ప్రతి వాక్యాన్నీ అతను తన రిజిస్టరు తెరిచి సరిచూసుకోవచ్చు. ‘ఎప్పుడూ ఇంతే’ అంటే ఒక్కరోజు సరిగ్గా చేసినా ఆ మాట అబద్ధమవుతుంది, వాదన మొదలవుతుంది. ‘సోమ, బుధ, శుక్ర’ అంటే వాదనకు చోటుండదు. నష్టాన్ని కూడా ఉన్నంతే చెప్పాం. రొయ్యలు చచ్చిపోలేదు కాబట్టి చచ్చిపోయేవని బెదిరించలేదు. చివరనున్న మెచ్చుకోలును చేదు మందుకు పూతగా వాడలేదు. అతను మానకూడని పని ఒకటుందని తెలియాలి కాబట్టి చెప్పాం. చెప్పడానికి అలాంటి నిజం ఏదీ లేకపోతే ఆ పేరా వదిలేయడమే మేలు.

రూటు గురించిన వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యం. పది గుంటలు తిరగాల్సిన మనిషి అన్నిచోట్లా తెల్లవారకముందే ఉండలేడు. ఆ లోపం ఉద్యోగిదా, రూటు వేసిన ఆఫీసుదా అన్నది అడగకుండా తేలదు. అలాగని ప్రశ్న అడిగినంత మాత్రాన కావలసింది అస్పష్టం కాకూడదు. ‘సూర్యోదయానికి ముందటి అంకె కావాలి’ అన్నచోట బేరం లేదు. దాన్ని ఎలా తేవాలన్నదే అతని చేతిలో పెట్టాం.

పంపేముందు ఈమెయిల్‌ను ఒకసారి కోపంగా, పైకి చదవండి. రాసేవాళ్లకు తమ గొంతు తమకు వినిపిస్తూ ఉంటుంది, చదివేవాళ్లకు వినిపించదు. తమ ఈమెయిల్‌లోని స్వరం అవతలివాళ్లకు ఎంతవరకు అందుతుందో రాసేవాళ్లు ఎక్కువగా అంచనా వేసుకుంటారని జస్టిన్ క్రూగర్ బృందం 2005లో ప్రయోగాలతో చూపించింది. కోపంగా చదివినప్పుడు తిట్టులా మారిన వాక్యం ఉంటే దాన్ని మార్చాలి. ‘చెప్పాను కదా’, ‘కనీసం’ లాంటి మాటలు అక్కడే పట్టుబడతాయి. సీసీలో మేనేజరు పేరు ఉంటే మాత్రం ఎంత మంచి వాక్యమైనా ఫిర్యాదుగానే చేరుతుంది. ఇది ఇద్దరి మధ్య ఈమెయిల్, ఇద్దరి మధ్యే ఉండాలి.

గుంట దగ్గరికే వెళ్లకుండా అంకెలు వేస్తున్నాడన్న అనుమానం ఉంటే ఈ ఈమెయిల్ పనికిరాదు. అప్పుడు మనిషిని పిలిచి ఎదురుగా మాట్లాడాలి. ఇదే తేడా ఇంతకుముందు రెండుసార్లు రాసినా మారకపోయినప్పుడూ అంతే.

ఈమెయిల్ అందిందో లేదో జవాబులో తెలుస్తుంది. ‘ఓకే సర్, నోటెడ్’ అని వస్తే ఇంకా అందలేదనే అనుకుని, ఆ సాయంత్రమే ఒక ఫోన్ చేయాలి. ‘రూటు తిరగేస్తే ఒకటో గుంట ఆలస్యమవుతుంది సర్, అక్కడ కాపలా మనిషికి నేర్పిస్తాను, మీటరు ఒకటి ఎక్కువ కావాలి’ అని వస్తే మాత్రం, మీటరుకు ఆ రోజే ఇండెంటు పెట్టాలి.