కప్పుల లెక్క, కార్బ్స్ లెక్క

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు, టైప్ 1 మధుమేహం. తిన్న ప్రతి 15 గ్రాముల కార్బ్స్‌కు ఒక యూనిట్ ఇన్సులిన్ ఇమ్మన్నారు మా డాక్టరు. డాలస్‌లో ఉండే మా చెల్లెలు జొన్న కేకు కొలతలు పంపింది: జొన్నపిండి 2 కప్పులు, బెల్లం 6 ఔన్సులు, పాలు 8 ఔన్సులు, నూనె 4 టేబుల్ స్పూన్లు. 12 ముక్కలు వస్తాయి. కప్పంటే 250 గ్రాములు, ఔన్సంటే 30, స్పూనంటే 15 అనుకుని లెక్క వేస్తే ముక్కకు 42 గ్రాముల కార్బ్స్ వచ్చాయి. రెండు ముక్కలకు ఐదున్నర యూనిట్లు ఇచ్చాం. గంటన్నరకే చెమటలు, వణుకు, షుగర్ 58. రెండుసార్లూ ఇలాగే అయింది. ఇన్సులిన్ తగ్గించాలా?
– ఒక తల్లి, జహీరాబాద్

జవాబు: ఇన్సులిన్ జోలికి పోకముందు ఆ పిండి లెక్క చూద్దాం.

కప్పు కొలిచేది చోటును, బరువును కాదు. గిద్దెడు నూనె, గిద్దెడు అటుకులు ఒకే బరువు తూగవని మీకు తెలుసు. అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు. అందులో నీళ్లయితే 240 గ్రాములే కానీ, గుల్లగా ఉండే జొన్నపిండి సుమారు 125 గ్రాములే పడుతుంది. అంటే మీరు గిన్నెలో వేసింది 250 గ్రాములు, కాగితం మీద రాసింది 500.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో సుమారు 68 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. మీరు పిండికి 340 గ్రాములు రాశారు. ఉన్నది 170. (ఆ పట్టికల్లో పీచును తీసేసి కార్బ్స్ ఇస్తారు. అమెరికా లెక్కలు పీచును కూడా కలుపుతాయి. ఏదో ఒకదాన్నే పట్టుకోండి.)

మిగతావన్నీ చిన్న తప్పులే. ఘనపదార్థానికి ఔన్సంటే బరువు, 28.35 గ్రాములు. కాబట్టి 6 ఔన్సుల బెల్లం 180 కాదు, 170 గ్రాములు. కార్బ్స్ 153 బదులు 145. పాలకు చెప్పే ఔన్సు వేరు, అది దాదాపు 30 మిల్లీలీటర్లు. ఎలా లెక్కేసినా 12 గ్రాముల కార్బ్సే. నూనె నీటికన్నా తేలిక, 4 స్పూన్లు 60 కాదు, 55 గ్రాములు. నలభై అయిదు కేలరీల తేడా, కార్బ్స్ మాత్రం సున్నా. ఔన్సుల గురించే అందరూ కంగారుపడతారు గానీ, ముంచేది ఎప్పుడూ పిండి కప్పే.

ఇప్పుడు కూడితే 170, 145, 12 కలిపి 327. ముక్కకు 27. మీరు రాసిన 42తో పోలిస్తే ముక్కకు 15 గ్రాముల తేడా, రెండు ముక్కలకు 30. మీ లెక్క ప్రకారం అది రెండు యూనిట్ల ఇన్సులిన్. ఐదున్నర ఇచ్చారు, మూడున్నర చాలేది. రెండుసార్లూ ఒకే కాగితం చూసి ఇచ్చారు కాబట్టి రెండుసార్లూ షుగర్ ఒకేలా పడిపోయింది. పిండి ప్రొటీన్ కూడా ఇలాగే రెట్టింపు పడి ఉంటుంది, కాకపోతే ఆ తప్పుకు ఇంజెక్షన్ లేదు.

ఇలాంటి పొరపాటును ఓవెన్‌లో పెట్టకముందే పట్టుకోవచ్చు. ఖాళీ గిన్నెను కిచెన్ తూకం మీద పెట్టి సున్నా చేయండి. అన్నీ కలిపాక మళ్లీ తూచండి. మీ కాగితం ప్రకారం 500, 180, 240, 60 కలిపి 980 గ్రాములు ఉండాలి. తూకం మాత్రం 720 దగ్గర ఆగుతుంది. ఆ 260 గ్రాములు ఎక్కడికి పోయాయని వెతికితే చాలు, తప్పు దొరుకుతుంది.

కేకు అయ్యాక ఇంకోసారి తూచండి. వేడికి నీరు పోతుంది గానీ కార్బ్స్ పోవు. 650 గ్రాములు తూగిందనుకుంటే 327ను దాంతో భాగించండి, గ్రాముకు అర గ్రాము. అప్పుడు చిన్న ముక్క, పెద్ద ముక్క అనే గొడవ ఉండదు. 50 గ్రాముల ముక్కకు 25 గ్రాముల కార్బ్స్.

నేను చెప్పిన 125 కూడా అంచనానే. గిర్నీలో సన్నగా పట్టించిన పిండిని డబ్బాలో కప్పు ముంచి అదిమి తీస్తే 145 దాకా పోవచ్చు. స్పూనుతో వదులుగా నింపి, పైన సమం చేసి, మీ కప్పును మీ పిండితో ఒకసారి తూచి ఆ అంకెను డబ్బా మూత మీద రాసుకోండి. తూకం ఉంటే కప్పే మానేయండి, ఇంకా మేలు.

షుగర్ 70 కన్నా తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 15 గ్రాములకు ఒక యూనిట్ అన్న లెక్కను మీరుగా మార్చకండి. సరిచేసిన కాగితం, ఈ రెండు రోజుల షుగర్ రీడింగులు తీసుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి. మార్చాలో వద్దో ఆయనే చెబుతారు.