రాజమండ్రి నుంచి న్యూజెర్సీకి డెమో క్లాస్ మెయిల్

బీఈడీ, డీఈడీ పూర్తిచేసి డీఎస్సీ కోసం చదువుతున్నవాళ్లు, తెలుగు ఎంఏ చేసి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు గోదావరి జిల్లాల్లో చాలామందే ఉన్నారు. ఇక్కడి ఊళ్ల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలూ తక్కువేం కాదు. వాళ్ల పిల్లలకు తెలుగు చదవడం, రాయడం ఆన్‌లైన్‌లో నేర్పడం ఇంటి నుంచే చేసుకోగల పని. పిల్ల తల్లి నుంచి ఎంక్వైరీ వచ్చాక మీరు పంపే మొదటి మెయిల్ మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ ఒక్క మెయిల్ గురించే ఇక్కడ చెప్తాను.

ఒక సందర్భం అనుకుందాం. పాలకొల్లులో ఉన్న అమ్మమ్మ మీ నంబరు ఇచ్చింది. న్యూజెర్సీలో ఎనిమిదేళ్ల మనవరాలు. తెలుగు వింటే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో చెప్తుంది. తల్లి వాట్సాప్‌లో ‘వివరాలు మెయిల్ చేయండి’ అంది. చాలామంది ఇక్కడ రెజ్యూమె జతచేసి, ‘మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు డెమో ఇస్తాను మేడమ్’ అని రాసి ఊరుకుంటారు. మర్యాదగానే ఉంటుంది కానీ జవాబు రాదు. ఎప్పుడు వీలవుతుందో, అప్పుడు ఇండియాలో ఎన్ని గంటలో లెక్కవేసే పనంతా ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన ఆ తల్లి మీద పడుతుంది. రేపు చూద్దాం అనుకుంటుంది, మర్చిపోతుంది. ఆ లెక్క మీరే వేసి పంపాలి.

మెయిల్ ఇలా ఉంటే చాలు:

సబ్జెక్ట్: పాపకు తెలుగు డెమో క్లాస్ – సెప్టెంబర్ 19 లేదా 20

నమస్కారమండీ. మీ అమ్మగారు పాప గురించి చెప్పారు. నేను రాజమండ్రిలో ఉంటాను, తెలుగులో ఎంఏ, బీఈడీ చేశాను. పాపకు అరగంట డెమో క్లాస్ ఉచితంగా చెప్తాను. ఆ అరగంటలో ప, డ, వ అనే మూడు అక్షరాలు నేర్చుకుని ‘పడవ’ అని తనే చదివి రాస్తుంది. చివరి అయిదు నిమిషాలు మీతో మాట్లాడతాను.

ఈ మూడింటిలో ఏది వీలో చెప్పండి:
1. సెప్టెంబర్ 19 శనివారం, మీకు ఉదయం 9 గంటలు (ఇక్కడ శనివారం సాయంత్రం 6.30)
2. సెప్టెంబర్ 19 శనివారం, మీకు రాత్రి 7.30 (ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున 5 గంటలు)
3. సెప్టెంబర్ 20 ఆదివారం, మీకు ఉదయం 10.30 (ఇక్కడ ఆదివారం రాత్రి 8 గంటలు)

గురువారం రాత్రి వరకు ఈ మూడూ మీకోసం ఉంచుతాను. జూమ్ లింకు మీ మెయిల్‌కే పంపుతాను, పాపకు వేరే అకౌంట్ అక్కర్లేదు.

పాప దగ్గర ఉండాల్సినవి: లాప్‌టాప్ గానీ టాబ్లెట్ గానీ, గీతల నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు. రాసేటప్పుడు చెయ్యి, పుస్తకం నాకు కనిపించేలా స్క్రీన్ కొంచెం ముందుకు వంచండి. మొదటి అయిదు నిమిషాలు మీరు పక్కన ఉంటే బాగుంటుంది.

రెండు సంగతులు తెలియజేయండి: ఇంట్లో పాప తెలుగులో జవాబు చెప్తుందా? వారాంతంలో మనబడికి గానీ వేరే క్లాసుకు గానీ వెళ్తోందా? ఫీజు వివరాలు కింద రాశాను, డెమో తర్వాత నిర్ణయించుకోవచ్చు.

ఇంతే మెయిల్, దీని కింద మీ ఫీజు వివరాలు చేర్చండి. ఫోన్‌లో రెండు సార్లు పైకి జరిపితే అయిపోతుంది.

ఇప్పుడు స్లాట్ల సంగతి. రెండో స్లాట్ చూడండి, వాళ్ల శనివారం మనకు ఆదివారం. ఒకవైపు వారమే రాస్తే ఆ తల్లి శనివారం రాత్రి ఎదురుచూస్తుంది, మీరేమో ఆదివారం రాత్రి లాప్‌టాప్ తెరుస్తారు. అందుకే వారం, టైము రెండువైపులా రాయాలి, వాళ్లది ముందు రాయాలి. స్లాట్ ఖాయమయ్యాక గూగుల్ క్యాలెండర్‌లో ఇన్విటేషన్ పంపితే ఎవరి టైము వాళ్లకు చూపిస్తుంది. మామూలు రోజుల్లో ఎందుకు ఇవ్వలేదంటే, స్కూలు నుంచి వచ్చి తిని కూర్చునే రాత్రి 7 గంటలు మనకు తెల్లవారి 4.30. ఒక్క డెమోకు లేవగలరు. ఏడాది పొడవునా లేవలేని టైము డెమోకు ఇవ్వకండి, వాళ్లు ఆ టైమే అడుగుతారు.

మూడు స్లాట్లకు మించి ఇవ్వొద్దు. గడువు పెట్టకపోతే అదే స్లాట్ ఇంకొకరికి చెప్పలేరు, చెప్తే ఇద్దరూ ఒకేసారి ఒప్పుకునే ప్రమాదముంది. గడువు దాటాక ఒక్కసారి గుర్తుచేయండి, అంతటితో వదిలేయండి.

వస్తువుల జాబితాలో ఫోన్ లేకపోవడానికి కారణముంది. పిల్ల ఒక చేత్తో ఫోన్ పట్టుకుంటే పుస్తకం కదలకుండా పట్టుకోవడానికి రెండో చెయ్యి ఉండదు, మీకు తన ముఖం తప్ప రాత కనిపించదు. తెలుగు అక్షరం నేర్పడంలో సగం పని చెయ్యి ఎటు తిరుగుతోందో చూడటమే. ‘పడవ’ను ఎంచుకున్నదీ అందుకే. గుణింతం, ఒత్తు లేని మాట, అమ్మమ్మగారి ఊరి కాలువలో పాప చూసి ఉండగల వస్తువు. ‘ప’లో తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’లో అక్షరానికి కలిసిపోతుంది. పాప ఆ రెండింటినీ ఒకేలా రాస్తే చూపు ఇంకా కుదరలేదని తెలుస్తుంది. రాత సరిగ్గా ఉండి ‘డ’ పలకడంలో తేడా వస్తే చెవికి సాధన కావాలని తెలుస్తుంది. చివరి అయిదు నిమిషాల్లో తల్లితో చెప్పాల్సింది ఇదే. పాప చాలా తెలివైంది అని పొగిడితే సంతోషిస్తుంది, కానీ ఏది వచ్చింది, ఏది రాలేదు అని చూపిస్తే ఫీజు ఎందుకు కట్టాలో అర్థమవుతుంది.

మనబడి ప్రశ్న కూడా మర్యాదకు అడిగింది కాదు. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి అమెరికాలో పిల్లలకు వారాంతాల్లో తెలుగు నేర్పుతోంది. పాప అక్కడ చదువుతుంటే మీ స్లాట్ ఆ క్లాసుకు అడ్డురావచ్చు. పైగా ‘పడవ’ తనకు ఎప్పుడో వచ్చేసి ఉంటుంది, అప్పుడు డెమో గుణింతాల నుంచి మొదలుపెట్టాలి.

అరగంట అన్నది కూడా ఆలోచించి పెట్టిందే. ఉచిత జూమ్ అకౌంట్‌లో మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. ముప్ఫై నిమిషాలకు ముగిస్తే చివర్లో మాట మధ్యలో తెగదు. కరెంటు పోతే అందుకోవడానికి ఫోన్ హాట్‌స్పాట్ ముందే సరిచూసుకోండి. రెండో ఉచిత క్లాసు అడిగితే సున్నితంగా కాదనండి, ఒక్క డెమోతో తేలని విషయం రెండో దానితోనూ తేలదు. అడగకుండా క్లాసు రికార్డు చేయకండి, పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి లేనిదే అది తగదు.

రాజమండ్రిలోనో భీమవరంలోనో ఉన్న పిల్లలకైతే ఈ టైముల తలనొప్పి లేదు. స్కూలు వదిలే వేళ, ఆదివారం ఖాళీ కనుక్కుంటే సరిపోతుంది. మిగతా మెయిల్ ఇదే.

అమెరికా పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. 2026లో నవంబర్ 1న అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. వాళ్లకు శనివారం ఉదయం 9 గంటల క్లాసు అలాగే ఉంటుంది, మీకు మాత్రం సాయంత్రం 6.30 నుంచి 7.30కి మారుతుంది, మార్చిలో మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ 7.30కి ఇంకో పిల్లను పెట్టుకుంటే ఇద్దరూ ఒకేసారి తెరపైకి వస్తారు. డెమో రోజునే ఈ సంగతి తల్లితో చెప్పి, ఆ గంట ఖాళీగా ఉంచుకోండి.