వడ్ల కుప్ప, తెల్ల లైటు, మెడ మీద మంట: యాసిడ్ పురుగు బారిన పడకుండా ఏం చేయాలి?

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి పల్లెల్లో వరి కోతలు మొదలయ్యాయంటే మెడ మీదో, ముఖం మీదో ఎర్రటి చారతో జనం కనిపిస్తారు. "రాత్రి ఏదో పురుగు పారింది" అంటారు. ఆ పురుగును చూసినవారు మాత్రం అరుదు. తాకిన గంటలోనే మంట పుట్టి ఉంటే దొంగ దొరికేది. ఇది తాకిన మరునాటికి గానీ బయటపడదు, అప్పటికి పురుగు పోయి ఉంటుంది. అందుకే ముందు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుందాం.

మొదటి మెట్టు: పురుగును గుర్తుపట్టండి

లైటు కిందికి వచ్చే వాటిలో చాలావరకు మనల్ని ఏమీ చేయవు. తొలకరి వానలకు వచ్చే ఉసిళ్లు రెక్కలు రాల్చి పోతాయి. దీపావళి రోజుల్లో బల్బు చుట్టూ ముసిరే పచ్చదోమ కళ్లలో పడి విసిగిస్తుంది, అంతే. చర్మం మీద పుండు చేసేవి ముఖ్యంగా రెండు రకాలు.

ఒకటి వరి పొలం నుంచి వచ్చేది. హాస్టల్ పిల్లలు యాసిడ్ పురుగు అంటారు, శాస్త్రవేత్తలు పెడెరస్ అంటారు. పొడవు సెంటీమీటరు లోపే, సన్నగా ఉంటుంది. చూడగానే చీమ అనిపిస్తుంది. తల నలుపు, మెడ నారింజ, నడుము దగ్గర నీలిరంగు మెరుపుతో పొట్టి రెక్కల డిప్ప, ఆ వెనక మళ్లీ నారింజ, చివర నలుపు. ఇలా రంగుల పట్టీలు ఉన్న చీమ ఉండదు. కదిలిస్తే తోకను తేలులా పైకి లేపుతుంది గానీ కుట్టదు, కరవదు. విషమంతా దాని ఒంట్లోని ద్రవంలోనే ఉంది. ఆ విషం పేరు పెడెరిన్. దాన్ని తయారు చేసేది పురుగు కూడా కాదు, ఆడ పురుగుల్లో కాపురముండే ఒక బ్యాక్టీరియా. పురుగు నలిగితేనే ద్రవం మన ఒంటికి అంటుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

రెండోది పొక్కుల పురుగు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు కంది, పెసర పూత మీద, బెండ పూల మీద పగటిపూటే కనిపించే నలుపు, నారింజ పట్టీల పెద్ద పురుగు ఈ జాతిదే. దీని బంధువులు కొన్ని రాత్రి లైటుకు వస్తాయి. వీటిని నలపనక్కర్లేదు, గట్టిగా పట్టుకుంటే చాలు, కాళ్ల కీళ్ల నుంచి పసుపు ద్రవం కారుస్తాయి. అందులో కాంథరిడిన్ అనే విషం ఉంటుంది. కొన్ని గంటల నుంచి ఒక రోజులోపు నీటి పొక్కు లేస్తుంది. చూడటానికి వేడి నూనె పడినట్టు పెద్దగా ఉంటుంది గానీ, మంట అంతగా ఉండదు.

ఉత్తర తెలంగాణలో కోతల కాలపు మంటలకు ఎక్కువగా అనుమానించాల్సింది మొదటిదాన్నే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా దాని గురించే.

రెండో మెట్టు: ఎప్పుడు వస్తుందో తెలుసుకోండి

ఈ పురుగుకు తడి నేల, వరి మొదళ్లు ఇల్లు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద, మానేరు కింద రెండు పంటలూ వరే కాబట్టి దానికి కొదువ లేదు. పైరు నిలబడి ఉన్నంతకాలం అక్కడే తింటూ బతుకుతుంది. హార్వెస్టర్ దిగి మడి కోసేసరికి నీడ పోతుంది, తిండి పోతుంది. అక్కడి నుంచి లేచినవి పొద్దు గూకాక తెల్లగా వెలిగే చోటికి చేరతాయి. వానాకాలం పంట కోసే అక్టోబర్, నవంబర్‌లలోనూ, యాసంగి కోతలప్పుడూ, వాన వెలిసిన ఉక్క రాత్రుల్లోనూ జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఇది మన దగ్గరి ముచ్చటే కాదు. 2022 జూలైలో సిక్కింలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో వంద మందికి పైగా విద్యార్థులకు ఇదే జాతి పురుగు వల్ల ఒంటి మీద మంటలు లేచాయి. అక్కడ దాన్ని నైరోబీ ఈగ అన్నారు. పేరులో ఈగ ఉన్నా అది ఈగ కాదు, నైరోబీ నుంచి రానూ లేదు.

మూడో మెట్టు: ఒంటి మీద వాలితే కొట్టకండి

మెడ మీద ఏదో పాకుతుంటే చెయ్యి దానంతటదే లేచి ఫట్టుమని కొడుతుంది. నష్టమంతా అక్కడే. నోటితో గట్టిగా ఊదండి. పోకపోతే కాగితం ముక్క అడ్డం పెట్టి, దాని మీదికి ఎక్కాక దూరంగా దులపండి. వేళ్లతో పట్టుకోవద్దు.

పొరపాటున నలిగిందా? అప్పటికప్పుడు లేచి ఆ చోటును సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడగండి. తువ్వాలుతో తుడిస్తే విషం పక్కకు పాకుతుంది, కాబట్టి ముందు కడిగి తర్వాత అద్దండి. చేతులు కూడా కడిగే దాకా కళ్లు నలపకండి, మూత్రానికీ పోకండి. సున్నితమైన చోట్ల మంటలు చాలావరకు చేతి వేళ్ల మీదుగా పోయినవే. నలిగిన చోట ఉన్న చొక్కా, దిండు గలీబు, దుప్పటి విడిగా ఉతకండి.

నాలుగో మెట్టు: మచ్చను చదవండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. హుజూరాబాద్ వైపు ఒక కొనుగోలు కేంద్రం అనుకోండి. వడ్లు కాంటా కాలేదు. రైతు కుప్ప మీద పరదా కప్పి, పక్కనే మంచం వేసుకుని పడుకున్నాడు. నెత్తి మీద ఎల్ఈడీ లైటు. సోమవారం రాత్రి నిద్రలో మెడ మీద ఏదో తగిలితే చేత్తో రాసేసి అటు తిరిగాడు. మంగళవారం పొద్దున ఏమీ లేదు. సాయంత్రానికి చురచుర మొదలైంది. బుధవారం లేచేసరికి చెయ్యి ఎటు రాసిందో అటే, నాలుగు వేళ్ల పొడవున ఎర్రటి చార. గురువారం దాని నడుమ పసుపు, బూడిద రంగులో చిన్న చిన్న చీము చుక్కలు. మోచేతి మడతలో ఇంకో విచిత్రం: పై భాగంలో ఒక మచ్చ, కింది భాగంలో సరిగ్గా దానికి ఎదురుగా మరో మచ్చ. చెయ్యి ముడిచినప్పుడు ఒకటి రెండోదానికి అంటించింది. వారం దాటాక చెక్కు కట్టి రాలింది. నల్ల మచ్చ మాత్రం నెలల పాటు నిలిచింది.

ఇంట్లోవాళ్లు ఇది సర్పి అంటారు. తేడా ఇలా చూడండి. సర్పిలో మచ్చలకు ముందే రెండు మూడు రోజులు ఆ చోట లోపలి నుంచి నొప్పి, పోటు ఉంటుంది. ఒంటికి ఒకే పక్కన, నరం వెంట పట్టీలా, గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు వస్తాయి. పురుగు మంట బట్టలు కప్పని చోట్ల, గీత గీసినట్టు, ఎటు పడితే అటు ఉంటుంది. మడతల్లో ఎదురెదురు జంట మచ్చలు కనిపిస్తే అనుమానం దాదాపు తీరినట్టే. వేళ్ల సందుల్లో దురద, రాత్రిపూట ఎక్కువై, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంటే అది గజ్జి కావచ్చు. పురుగు మంట అంటువ్యాధి కాదు.

ఐదో మెట్టు: తగ్గే దాకా ఏం చేయాలి

చల్లటి నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డను పది, పదిహేను నిమిషాలు వేసి ఉంచితే మంట నెమ్మదిస్తుంది. చర్మం చిట్లకపోతే కాలమైన్ లోషన్ రాయవచ్చు. పొక్కులు గిల్లవద్దు. సున్నం, జిల్లేడు పాలు, టూత్‌పేస్టు, ఆకు పసర్లు వద్దు; విషంతో కాలిన చర్మాన్ని మళ్లీ కాల్చడమే అవుతుంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే 'అన్నిటికీ ఒకటే' ట్యూబు కూడా వద్దనే నా మాట. వాటిలో తరచుగా బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఈ మంటకు స్టెరాయిడ్ క్రీము పనికొచ్చే మందే, కానీ ఏది, ఎన్ని రోజులు, ముఖం మీద రాయవచ్చా లేదా అన్నది డాక్టరు చెప్పాలి.

కంట్లో పడితే ఆగకండి. పదిహేను నిమిషాలు శుభ్రమైన నీళ్లతో కడిగి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెప్ప ఉబ్బి మూసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే వెళ్లాలి. జ్వరం వచ్చినా, చీము పెరుగుతున్నా, చిన్న పిల్లలకు ఎక్కువ చోట పాకినా డాక్టరుకు చూపించాలి.

ఆరో మెట్టు: లైటును జరపండి

లైటు తీసేయడం కుదిరితే అంతకంటే మంచిది లేదు. వడ్ల కాపలాకు లైటు తప్పదు కాబట్టి దాని చోటు మార్చండి. మంచం పైన కాకుండా, ఇరవై అడుగుల అవతల కట్టి కుప్ప వైపు తిప్పండి. పురుగులు అక్కడ మూగుతాయి, మీరు నీడలో ఉంటారు. నీలి ఛాయ ఉన్న తెల్ల ఎల్ఈడీ, ట్యూబులైటు పురుగులను ఎక్కువగా లాగుతాయి. పసుపు కాంతి బల్బు తక్కువగా లాగుతుంది, అసలు లాగదని కాదు.

ఇంట్లో పొద్దు గూకే ముందే కిటికీలు మూయండి, లేదా దోమల జాలీ కొట్టించండి. జాలీ ఉన్నా తలుపు కింది సందు గుండా పురుగు నడిచి వస్తుంది, ఆ సందుకు పాత గుడ్డ కుక్కండి. మంచాన్ని గోడకు జానెడు ఇవతలికి లాగండి. లైటు కింద దండెం మీద బట్టలు ఆరేయకండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. పడుకునే ముందు దుప్పటి, దిండు దులపండి. పొద్దున లైటు కింద రాలిన పురుగులను చీపురుతోనే ఎత్తాలి, చేత్తో కాదు. చచ్చిన పురుగులో కూడా విషం ఉంటుంది.

రాత్రిపూట కాలువ గట్ల మీద బండి నడిపేవారు హెల్మెట్ అద్దం దించుకోండి. కంట్లో పడ్డ పురుగును రెప్ప మీదే నలిపేయడం ఎవరికైనా ఒక్క క్షణం పని.

ఏడో మెట్టు: పొలంలో దాన్ని వదిలేయండి

ఇన్ని చెప్పాక దీని కోసం పొలానికి మందు కొట్టాలనిపించడం సహజం. కొట్టకండి. యాసిడ్ పురుగు వరి మొక్కను ముట్టదు. దుబ్బుల్లో తిరిగి సుడిదోమ పిల్లలను, ఆకుముడత పురుగు పిల్లలను తింటుంది. దాన్ని చంపితే దోమపోటుకు ఇంకో మందు కొనాల్సి వస్తుంది. దీపపు ఎర పెట్టుకునే రైతులు దాన్ని ఇంటి వాకిట్లో కాకుండా పొలంలోనే పెట్టాలి.

పొక్కుల పురుగు సంగతి వేరు. అది కంది పూత తింటుంది. కొద్దిగా ఉంటే చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, ఏరి సబ్బు నీళ్ల బకెట్‌లో వేయండి. పనైపోయాక తొడుగులను విప్పే ముందే బయటి వైపు సబ్బుతో కడగండి.