పేరు మీదే, ఫొటో మీదే... ప్రొఫైల్ మాత్రం మీది కాదు

వరంగల్‌లో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారికి ఇలా జరిగిందనుకుందాం. పాత విద్యార్థి ఒకరు ఫోన్ చేసి, "సార్, ఫేస్‌బుక్‌లో మళ్లీ రిక్వెస్ట్ పంపారేంటి? మీ స్నేహితుడైన సీఆర్‌పీఎఫ్ అధికారికి బదిలీ అయిందట, ఫర్నిచర్ చవగ్గా అమ్ముతున్నాడట. డబ్బు పంపమన్నారు, నిజమేనా?" అని అడిగాడు. మాస్టారు తన పేరుతో వెతికితే తన సొంత ప్రొఫైల్ ఒక్కటే కనిపించింది. మరి ఆ రిక్వెస్ట్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ ఎవరూ మాస్టారి పాస్‌వర్డ్ దొంగిలించలేదు. అందరికీ కనిపించే ఆయన పేరు, ఫొటోలతో మోసగాడు కొత్త ఖాతా తెరిచాడు. బయటికి కనిపిస్తున్న స్నేహితుల జాబితా చూసి ఒక్కొక్కరికీ రిక్వెస్టులు పంపాడు. ఆ తర్వాత అసలు మాస్టారిని బ్లాక్ చేశాడు. అందుకే నకిలీ ప్రొఫైల్ ఆయనకు తప్ప మిగతా అందరికీ కనిపిస్తోంది. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఇది ఆగదు.

ఒకే పేరుతో ఎన్ని ఖాతాలైనా ఉండవచ్చు కానీ, ప్రతి ప్రొఫైల్‌కూ లింకు వేరుగా ఉంటుంది. కాబట్టి రిక్వెస్ట్ అందుకున్న విద్యార్థే నకిలీ ప్రొఫైల్ తెరిచి, దాని లింకును కాపీ చేయాలి. ప్రొఫైల్‌తో పాటు డబ్బు అడిగిన సందేశాలను, అందులో ఇచ్చిన ఫోన్ నంబరును, యూపీఐ ఐడీని స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. ఈ పని రిపోర్టు చేయడానికి ముందే జరగాలి. ఖాతా తొలగిపోయాక ఆధారాలు దొరకడం కష్టం.

ఆ తర్వాత నకిలీ ప్రొఫైల్‌లోని మూడు చుక్కలు నొక్కి, Report profile ఎంచుకోవాలి. కారణంగా, వేరొకరిలా నటిస్తున్నారన్న అర్థమిచ్చే అంశాన్ని గుర్తించాలి. ఎవరిలా అని అడిగినప్పుడు విద్యార్థి, తన స్నేహితుడిలా అని చెప్పి మాస్టారి అసలు ప్రొఫైల్‌ను చూపాలి. కేవలం 'నకిలీ ఖాతా' అని రిపోర్టు చేస్తే, ఎవరి పేరు వాడుకున్నారో పరిశీలించేవారికి తెలియదు.

రిపోర్టుపై నిర్ణయం వచ్చేదాకా ఆగకుండా మాస్టారు తన వాళ్లను హెచ్చరించాలి. ఫేస్‌బుక్ చూడని వారి కోసం వాట్సాప్ స్టేటస్‌లో, గ్రూపుల్లో కూడా పెట్టాలి. "జాగ్రత్త" అని ఊరుకుంటే సరిపోదు. "నా పేరు, ఫొటోతో నకిలీ ఖాతా ఉంది. ఫర్నిచర్ పేరుతో డబ్బు అడుగుతున్నారు. నేను ఎవరినీ అడగలేదు. రిక్వెస్ట్ వస్తే అంగీకరించకండి, రిపోర్టు చేయండి. అనుమానం ఉంటే నా పాత నంబరుకు ఫోన్ చేయండి" అని స్పష్టంగా రాయాలి.

ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే, వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు మోసగాడి ఖాతా నుంచి చేతులు మారకముందే ఆపగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఇలా మరొకరిలా నటించి మోసం చేయడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద నేరం.

ఒక ఖాతా పోయినా మోసగాడు మరొకటి తెరవగలడు. మాస్టారు తన స్నేహితుల జాబితాను Only me గా మార్చుకుంటే, ఈసారి ఎవరికి రిక్వెస్ట్ పంపాలో వాడికి అంత తేలిగ్గా తెలియదు.