ఒకే మామిడి చెట్టు, నాలుగు సంబంధాలు

ఉద్యోగం చేసుకుంటూ వ్యవసాయ, అటవీ శాఖల పరీక్షలకో, జీవశాస్త్రం ఉన్న మరో పరీక్షకో చదివేవారికి జీవుల మధ్య సంబంధాలు తేలిక పాఠంలాగే కనిపిస్తాయి. నాలుగు నిర్వచనాలు ఒక్క రాత్రిలో నోటికి వస్తాయి. మార్కులు పోయేది ఉదాహరణ దగ్గర. అందుకే నిర్వచనాలు పక్కనబెట్టి, ముందు ఒక పాత మామిడి చెట్టు కిందికి వెళ్దాం.

కొమ్మ మీద రెండు మొక్కలు పెరుగుతున్నాయి. ఒకటి వాండా ఆర్కిడ్, ఇంకొకటి బదనిక. రెండూ నేల తగలకుండా చెట్టు మీదే బతుకుతాయి, రెండింటికీ పచ్చటి ఆకులుంటాయి. అందుకే చాలామంది రెండింటినీ ఒకే గాటన కట్టి రాస్తారు. వేళ్లు చూస్తే తేడా తెలిసిపోతుంది. ఆర్కిడ్ వేళ్లు బెరడును పట్టుకుని ఉంటాయి, కొన్ని గాలిలో వేలాడతాయి. వానతడిని, గాలిలోని తేమను వాటి పైపొర పీల్చుకుంటుంది. చెట్టు లోపలికి అవి పోవు. ఆర్కిడ్‌కు ఎండ తగిలే చోటు దొరికింది, మామిడికి వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. ఇది సహభోజకత్వం, అంటే కమెన్సలిజం. గుర్తు +/0.

బదనిక అంటుకున్న చోట కొమ్మ ఉబ్బి ముడిలా ఉంటుంది. అక్కడ దాని చూషకాలు బెరడును చీల్చుకుని కలపలోకి దిగి, మామిడి పైకి తెచ్చుకున్న నీటిని, లవణాలను లాగేస్తాయి. ఆకులున్నాయి కాబట్టి పిండిపదార్థం తనే తయారు చేసుకోగలదు, అందుకే దాన్ని పాక్షిక పరాన్నజీవి అంటారు. ఈ మాట ఒక్కటి రాస్తే మీకు విషయం తెలుసని దిద్దేవారికి అర్థమవుతుంది. ముడికి అవతలి కొమ్మ క్రమంగా నీరసించి ఎండుతుంది. ఇది పరాన్నజీవనం, గుర్తు +/−.

ఆ బదనిక అక్కడికి ఎలా చేరింది? దాని పండ్లను చిన్న పిట్టలు తింటాయి. గింజకు జిగురు ఉంటుంది కాబట్టి, పిట్ట రెట్టతో పాటు అది కొమ్మకు అతుక్కుని అక్కడే మొలుస్తుంది. పిట్టకు తిండి, బదనికకు కొత్త చెట్టు. ఈ ఇద్దరి మధ్య ఉన్నది మ్యూచువలిజం, అంటే పరస్పర సహజీవనం, +/+. మామిడికి శత్రువైన బదనికే పిట్టకు నేస్తం. కాబట్టి ‘బదనిక పరాన్నజీవి’ అని ఆపేయకండి, ‘మామిడి మీద’ అని కలపండి. సంబంధం రెండు జీవుల మధ్య ఉంటుంది కాబట్టి ఉదాహరణలో రెండు పేర్లూ ఉండాలి.

ఇక పరభక్షణ. మామిడి పూతకు పట్టిన పిండినల్లిని అక్షింతల పురుగు పట్టి తినేస్తుంది. దీని గుర్తు కూడా +/− కాబట్టి, గుర్తు ఒక్కటే రాస్తే పరాన్నజీవనం నుంచి దీన్ని వేరు చేసినట్టు కాదు. పరభక్షి ఒకదాని తర్వాత ఒకటిగా తన జీవితంలో ఎన్నో జీవులను చంపి తింటుంది. పరాన్నజీవి సాధారణంగా ఒకే ఆతిథేయి మీదో లోపలో ఉండి, దాన్ని బతకనిస్తూ మెల్లగా లాగుతుంది. ట్రైకోగ్రామా లాంటి కందిరీగలు ఈ రెండింటి మధ్య నిలుస్తాయి. వేరే పురుగు గుడ్డులో గుడ్డు పెట్టి, చివరికి దాన్ని చంపేస్తాయి. ప్రత్యేకంగా అడిగితే తప్ప, చిన్న జవాబులో ఆ ఉదాహరణ జోలికి పోవద్దు.

రెండు మార్కుల ప్రశ్న ఒకటి చూద్దాం: సహభోజకత్వానికి, పరాన్నజీవనానికి భేదం ఉదాహరణలతో రాయండి. జవాబు ఇంత చాలు:

‘సహభోజకత్వంలో ఒక జీవికి లాభం, రెండోదానికి లాభనష్టాలు ఉండవు (+/0). ఉదా: మామిడి కొమ్మ మీది ఆర్కిడ్ ఆధారం మాత్రమే పొందుతుంది. పరాన్నజీవనంలో ఒకదానికి లాభం, ఆతిథేయికి నష్టం (+/−). ఉదా: మామిడి మీది బదనిక చూషకాలతో నీరు, లవణాలు గ్రహించి కొమ్మను బలహీనపరుస్తుంది.’

ఉదాహరణ సరిపోయిందో లేదో అనుమానమొస్తే, ఆ జతలో ఒకదాన్ని మనసులోనే తీసేసి చూడండి. ఆర్కిడ్‌ను తీసేస్తే మామిడికి తేడా రాదు. బదనికను తీసేస్తే కొమ్మ తేరుకుంటుంది.

గేదె వెంట నడిచే తెల్లకొంగకూ ఇదే పరీక్ష పెట్టండి. గేదె అడుగులకు గడ్డిలోంచి లేచిన పురుగులను కొంగ ఏరుకుంటే, కొంగ ఉన్నా లేకున్నా గేదెకు ఒకటే, అది సహభోజకత్వం. గేదె ఒంటి మీది గోమార్లను ఏరి తింటే గేదెకూ మేలే, అప్పుడది మ్యూచువలిజం. కాబట్టి జవాబులో ‘కొంగ, గేదె’ అని వదిలేయకుండా, ‘గేదె నడకకు లేచిన పురుగులను తినే కొంగ’ అని రాయండి.