నికాహ్‌కు వచ్చిన ఇరుగుపొరుగుకు మైకులో ఏం చెప్పాలి?



మన కోసిగిలో నికాహ్ అంటే షామియానా కింద సగం మంది మన ఇరుగుపొరుగే ఉంటారు. తెలుగువాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు, ఆదోని నుంచి వచ్చిన వ్యాపార స్నేహితులు, పెళ్లికూతురితో చదువుకున్న పిల్లలు. ముందు వరుసలో కుర్చీలు వేసి కూర్చోబెడతాం, షర్బత్ ఇస్తాం. ఆ తర్వాత అరగంట సేపు వాళ్లకు అర్థంకాని భాషలో అన్నీ జరిగిపోతాయి. ఒక పెళ్లిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన, దువా అయి అందరూ ఆలింగనాలు చేసుకుంటుంటే నా చెయ్యి పట్టుకుని, "ఏమప్పా, అయిపాయనా? తాళి యాడ కట్టిరి?" అని అడిగినాడు. చేతిలో అక్షింతలు పట్టుకుని ఎప్పుడు వెయ్యాలా అని ఎదురుచూస్తున్నాడు పాపం. ఆరోజు నుంచి, ఇంటివాళ్లు ఒప్పుకున్నచోట, నేను మైకు తీసుకుని తెలుగులో నాలుగు ముక్కలు చెప్తున్నాను. చెప్తూ చెప్తూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను, రేపు మీ ఇంటి పెళ్లిలో ఇంకెవరైనా చెప్పడానికి పనికొస్తుందని.

మొదటి సంగతి ఎప్పుడు మాట్లాడకూడదు అన్నది. ఖాజీగారు ఖుత్బా చదువుతున్నంతసేపు, ఈజాబ్-కబూల్ జరుగుతున్నంతసేపు మన మైకు ఆపే ఉండాలి. రెండు మైకులూ ఒకే ఆంప్లిఫయర్‌కు ఉంటే మన బటన్ నొక్కి ఆపామో లేదో చూసుకోవాలి. వరుడు ఒప్పుకున్న మాట సాక్షుల చెవిన స్పష్టంగా పడాలి, అది నికాహ్‌కు షరతు. అందుకని వ్యాఖ్యానం సందుల్లోనే చెప్పాలి: వకీలు లోపలికి వెళ్లేటప్పుడు, ఖుత్బాకు ముందు, దువా అయ్యాక, భోజనాలకు ముందు. అన్నీ కలిపి ఆరు నిమిషాలు దాటితే జనం పక్కవాళ్లతో మాటల్లో పడతారు.

వీటిలో అన్నిటికంటే ముఖ్యమైనది వకీలు లోపలికి వెళ్లే ఘట్టం. ఎందుకంటే అది అతిథులకు కనబడదు. వేదిక మీద అంతా మగవాళ్లే. పెళ్లికూతురు ఎక్కడో లోపలి గదిలో ఉంటుంది. చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది? అమ్మాయిని ఎవరూ అడగలేదు, మగవాళ్లే కూర్చుని తేల్చేసుకున్నారు అనిపిస్తుంది. నిజం చూస్తే మొట్టమొదట అడిగేది ఆమెనే. ఆమె సరే అనకపోతే బయట ఖుత్బా మొదలే కాదు. కాబట్టి ముగ్గురు లేచి లోపలికి నడుస్తుండగా నేను ఇలా చెప్తాను:

"అన్నలారా, అక్కలారా! ఇప్పుడు ముగ్గురు పెద్దమనుషులు లేచి వెళ్తున్నారు చూడండి. అందులో ఒకరు వకీలు. కోర్టు వకీలు కాదు, పెళ్లికూతురి తరఫున ఆమె మాట మోసుకొచ్చే మనిషి, ఆమె మేనమామ. మిగతా ఇద్దరు గవాహ్‌లు, అంటే సాక్షులు. వీళ్లు ఆమె దగ్గరికి పోయి, అబ్బాయి పేరు, అతని తండ్రి పేరు, మహర్ ఎంత అన్నది చెప్పి, 'అమ్మా, ఈ సంబంధం నీకు ఇష్టమేనా?' అని అడుగుతారు. ఆమె ఒప్పుకుని సంతకం పెట్టినాకనే ఇక్కడ పని ముందుకు పోతుంది. వద్దంటే పెళ్లి ఇక్కడితో ఆగిపోతుంది."

ఆ చివరి వాక్యం చెప్పవద్దని ఒక ఇంట్లో నన్ను వారించారు, శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఆ మాటేమిటని. నేను మాత్రం చెప్పాలనే అంటాను. అది లేకపోతే అడగడం లాంఛనమని అనుకుంటారు. అయితే ఒక సంగతి తెలిసి ఉండాలి. తొలిసారి పెళ్లవుతున్న అమ్మాయి సిగ్గుతో మాట పెగలక మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకోవచ్చని హదీసులో ఉంది. వితంతువో, విడాకులైన స్త్రీయో అయితే నోరు తెరిచి చెప్పాల్సిందే. కాబట్టి లోపలి నుంచి ఏ మాటా వినబడలేదని అతిథులు అనుమానపడితే ఈ తేడా వివరించవచ్చు. ఇక సినిమాల్లో చూసి అందరూ "మూడుసార్లు కబూల్ హై" అనాలనుకుంటారు. ఒక్కసారి స్పష్టంగా అంటే చాలు. మూడుసార్లు అనిపించడం అలవాటుగా వచ్చింది.

ఈ ఘట్టంలో చాలామంది చేసే పొరపాటు, అర్థమవుతుందని "ఇది మీ కన్యాదానం లాంటిదే" అనేయడం. అలా అనకండి. కన్యాదానంలో తండ్రి ఇస్తాడు, దానికి దాని అర్థం దానికుంది. నికాహ్‌లో అమ్మాయి స్వయంగా ఒప్పందంలో ఒక పక్షం. పోలిక పెడితే రెండింటికీ న్యాయం జరగదు.

రెండో ముఖ్య ఘట్టం మహర్. వకీలు తిరిగొచ్చి ఆమె ఒప్పుకుందని సాక్షుల ఎదుట చెప్పినాక, ఖాజీగారు సియాహా, అంటే నికాహ్ పుస్తకం నింపుతారు. ఆ నాలుగు నిమిషాల సందు మనది. కబూల్ అడిగేటప్పుడు ఖాజీగారి నోట "సిక్కా రాయిజుల్ వఖ్త్" అనే మాట వినబడుతుంది. దాని అర్థం చెలామణిలో ఉన్న నాణెం, అంటే ఇప్పటి రూపాయలు అని. దాంతో పాటు ఒక అంకె వస్తుంది. అంకె ఒక్కటే అర్థమైన అతిథి అది కట్నమనుకుంటాడు. ఒకాయన నన్ను, "అంత తక్కువకే కుదిరిందా?" అని మెచ్చుకోలుగా అడిగినాడు కూడా! అందుకే ముందే చెప్పాలి:

"ఇప్పుడు ఖాజీగారు ఒక మొత్తం చదువుతారు. అది కట్నం కాదు. అమ్మాయివాళ్లు అబ్బాయికి ఇచ్చేది కాదు. అబ్బాయి అమ్మాయికి ఇచ్చేది. వాళ్ల నాన్నకు కాదు, ఆమెకే. ఆ డబ్బు, ఆ బంగారం ఆమె సొంతం. దాచుకున్నా, ఖర్చు పెట్టుకున్నా ఆమె ఇష్టం. దీన్ని మహర్ అంటారు."

అమ్మాయికి వెల కట్టినట్టు కాదా అని ఎవరైనా అడిగితే, ఆ సొమ్ము పుట్టింటికి పోదు కదా అంటే సరిపోతుంది. ఖుర్ఆన్ నాలుగో సూరా నాలుగో వాక్యంలో స్త్రీల మహర్ వాళ్లకు సంతోషంగా ఇవ్వమని ఆదేశం ఉంది. చదువుకున్నవాళ్లకు చట్టం మాట చెప్తే ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది: 1961 వరకట్న నిషేధ చట్టం రెండో సెక్షన్‌లోనే ముస్లింల మహర్ వరకట్నం కిందికి రాదని రాసి ఉంది.

మహర్‌లో రెండు రకాలున్నాయి. ముఅజ్జల్ అంటే ఇప్పుడే ఇచ్చేది, మువజ్జల్ అంటే తర్వాత ఇచ్చేది. అరబ్బీలో అక్షరాలు వేరు గానీ మన నోట రెండూ ఒకేలా పలుకుతాయి. మైకులో ఆ మాటలు వాడితే మనవాళ్లకే తికమక, ఇక అతిథుల సంగతి చెప్పాలా! "నగదు మహర్", "బాకీ మహర్" అంటే అందరికీ తెలుస్తుంది. ఈమధ్య నేను చెప్పిన ఒక పెళ్లిలో మహర్ రెండు ముక్కలుగా ఉంది: ఒక తులం బంగారం వెంటనే, యాభై వేల రూపాయలు తర్వాత. "తులం బంగారం ఇప్పుడే ఆమె చేతికి వచ్చింది. యాభై వేలు అబ్బాయి మీద అప్పు. అనుకున్న గడువుకు తీర్చాలి. తీర్చకుండా పోతే అతని ఆస్తిలో నుంచి ఆ అప్పు తీరినాకే వారసులకు పంపకం" అని చెప్పాను. పెళ్లికొడుకు స్నేహితులు అటువైపు చూసి నవ్వినారు. నవ్వినా విన్నారు. రూపాయల్లో రాస్తే ఏళ్ల తర్వాత కూడా ఆ రూపాయలే. వెనకటి తరంలో ఐదు వందలని రాసుకున్న మహర్ ఇవాళ్టికీ ఐదు వందలే. అందుకని కొందరు మహరె ఫాతిమీ పేరుతో ఐదు వందల దిర్హమ్‌ల వెండి, అంటే సుమారు కిలోన్నర వెండి రాయిస్తారు. ఇచ్చేనాటి ధర ప్రకారం లెక్క.

ఇక్కడ ఒక హద్దు పాటించాలి. ఉత్సాహంలో "మా మతంలో కట్నం లేదు" అని మైకులో అనకండి. మతంలో లేదు, నిజమే. మన ఇళ్లలో మాత్రం జోడా డబ్బులని, మోటారు సైకిలని, మంచమూ బీరువా అని నడుస్తూనే ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లలో ఆ సామాను ఆటోలో ఎక్కించడానికి సాయం పట్టినవాళ్లు ఉంటారు. వాళ్ల ముందు ఆ మాట అంటే మహర్ గురించి చెప్పిన నిజం కూడా నమ్మరు. మహర్ ఏమిటో చెప్పి ఊరుకోవాలి.

ఖుత్బాకు రెండు వాక్యాలు చాలు: "ఇప్పుడు అరబ్బీలో చదివేది దేవుని స్తుతి, కొత్త దంపతులకు హితవు. మనుషులందరూ ఒకే ప్రాణి నుంచి పుట్టినారనీ, బంధుత్వాలు తెంచుకోవద్దనీ, మాట సూటిగా మాట్లాడమనీ ఇందులో ఉంటుంది." తర్వాత మౌనం. కబూల్ అయ్యి చేతులెత్తి దువా చేసేటప్పుడు అతిథులు లేవాలా, చేతులెత్తాలా అని దిక్కులు చూస్తారు. కూర్చునే ఉండవచ్చని, ఇష్టమైతే తమ పద్ధతిలో దీవించవచ్చని ముందే చెప్పి ఉంచాలి.

దువా ముగిసిన వెంటనే మళ్లీ మైకు: "నికాహ్ అయిపోయింది. వాళ్లిద్దరూ ఇప్పుడు భార్యాభర్తలు. ఖర్జూరాలు, కలకండ పంచుతున్నారు, తీసుకోండి. తాళి ఎప్పుడని చూస్తున్నారేమో, నికాహ్‌కు తాళి అక్కర్లేదు. అత్తగారింటివాళ్లు అమ్మాయికి నల్లపూసల లచ్ఛా వేస్తారు. అది ఈ సీమలో వచ్చిన ఆచారం, ఆడవాళ్లు లోపల చేసుకుంటారు." పెళ్లికొడుకు ముఖానికి కట్టిన పూల సెహ్రా, అద్దంలో ఒకరినొకరు చూసుకునే జల్వా, ముందురోజుల పసుపు, మెహందీ, ఇవన్నీ కూడా ఇళ్ల వేడుకలే. అడిగినవాళ్లకు విడిగా చెప్పవచ్చు, మైకులో ఏకరువు పెట్టనక్కర్లేదు. అక్షింతలు తెచ్చినవాళ్లను చిన్నబుచ్చకుండా, దంపతులను కలిసినప్పుడు నోటితో దీవించమంటే చాలు. నా పక్కన కూర్చున్న ఆ పెద్దాయన చివరికి అవి జేబులోనే వేసుకుని, పెళ్లికొడుకు తల మీద చెయ్యి పెట్టి వచ్చినాడు.

ఆఖరి ప్రకటన భోజనాలది. దీన్ని మర్చిపోతే ముందు చెప్పినదంతా ఎవరికీ గుర్తుండదు. అతిథుల్లో శాకాహారులుంటే, అడగడానికి మొహమాటపడి తినకుండా వెళ్లిపోతారు. "శాకాహారం వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో, వేరే వంటవాళ్లు చేసినారు. ఎడమవైపు బంతి అది" అని వంటవాళ్లను అడిగి నిజమని తెలుసుకున్నాకే చెప్పాలి. నిజం కాకపోతే, అరటిపండ్లూ మజ్జిగా ఎక్కడున్నాయో అదే చెప్పాలి.