ఎంతమందిని తీశారు? ఏ లెక్కన?

పాశమైలారంలో ఓ కంపెనీ రెండొందల మందిని తీసేసిందట, సాయంత్రానికల్లా ఐటమ్ పంపమని డెస్క్ నుంచి ఫోన్ వచ్చిందనుకుందాం. మీరు పటాన్‌చెరులో కొత్తగా చేరిన విలేకరి. బండి తీసే ముందు ఆ 'రెండొందలు' ఒక కాగితం మీద రాసి, పక్కన మూడు ప్రశ్నలు పెట్టుకోండి. ఎవరి రోల్స్‌లో ఉన్న రెండొందలు? మొత్తం ఎంతమందిలో? ఎప్పటి నుంచి ఎప్పటి వరకు? కార్మికుడి కష్టం రాయడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. జారేది అంకె దగ్గరే.

అంకె ఎలా జారుతుందో చూడాలంటే టీసీఎస్ కేసు పనికొస్తుంది. సంగారెడ్డి జిల్లాకు అది దూరపు వార్త కాదు. అమీన్‌పూర్, బీరంగూడ, తెల్లాపూర్ ఫ్లాట్ల నుంచి పొద్దున్నే ఐటీ ఆఫీసులకు బయల్దేరే వాళ్లు ఎంతమందో మీకు తెలుసు. 2025 జూలై చివర్లో ఆ కంపెనీ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని ఆ ఆర్థిక సంవత్సరంలో పంపిస్తామని చెప్పింది. అందులో ఎక్కువ మంది మధ్య, పై స్థాయుల వాళ్లేనని కూడా చెప్పింది. జూన్ ఆఖరుకు కంపెనీలో 6,13,069 మంది ఉన్నారు. అందులో 2 శాతం లెక్కగట్టి పత్రికలన్నీ 12 వేల పైచిలుకు అని రాశాయి. అక్కడివరకు బాగానే ఉంది. చాలా శీర్షికలు కారణం ఏఐ అని తేల్చేశాయి. సీఈఓ కృతివాసన్ మాత్రం అది కారణం కాదని, నైపుణ్యాలకు పని కుదరకపోవడమే కారణమని అన్నారు. ఆయన మాట నమ్మాలా వద్దా అన్నది పాఠకుడు తేల్చుకుంటాడు. ఆ మాట వార్తలో ఉండాలి కదా.

అసలు చిక్కు మూడు నెలల తర్వాత వచ్చింది. సెప్టెంబర్ ఆఖరు లెక్కలో సిబ్బంది 5,93,314కి దిగారు. తేడా 19,755. 'చెప్పింది 12 వేలు, తీసింది 20 వేలు' అని రాయడానికి చెయ్యి ఊరుకోదు. ప్రకటించిన దానికన్నా ఎక్కువ మందిని పంపారని ఉద్యోగుల సంఘం కూడా ఆరోపించింది. తాము పంపించింది అప్పటికి సుమారు 1 శాతం మందినేనని కంపెనీ చెప్పింది. రెండు మాటల్లో ఏది నిజమో తీసివేత లెక్క ఒక్కటే తేల్చదు. ఇంటి సంపులో నీళ్లు తగ్గాయంటే కింద లీకైనా ఉండొచ్చు, వాడకం పెరిగినా పెరగొచ్చు, పైనుంచి నల్లా రాకపోయినా రాకపోవచ్చు. ఆ మూడు నెలల్లో కొత్తగా చేరినవాళ్లు ఎందరు, తమంతట తాము మానేసినవాళ్లు ఎందరు, కంపెనీ పంపించినవాళ్లు ఎందరు అన్నవి మూడు వేర్వేరు అంకెలు. ఏడాదికి నూటికి 13 మందికి పైగా స్వయంగా మానేసే కంపెనీలో రెండో అంకే చాలా పెద్దది. కాబట్టి మీరు అడగాల్సింది మిగతా రెండు అంకెలు. కంపెనీ ఇవ్వకపోతే 'సిబ్బంది 19,755 మంది తగ్గారు' అనే రాయండి. 'తీసేశారు' అని రాయొద్దు.

ఇప్పుడు పాశమైలారం వెళ్దాం. ఇక్కడ చిక్కు వేరు. ఐటీ కంపెనీ మూడు నెలలకోసారైనా తల లెక్క బయటపెడుతుంది. ఇక్కడి ఫ్యాక్టరీలో గేటు లోపల పనిచేసే వాళ్లలో సగం మంది పేర్లు కంపెనీ రికార్డులో ఉండకపోవచ్చు, లేబర్ సప్లై కాంట్రాక్టర్ రికార్డులో ఉంటాయి. 2025 జూన్ 30న సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగినప్పుడు ఆ షిఫ్టులో లోపల ఎవరెవరున్నారో, ఎవరి ఆచూకీ లేదో తేలడానికే రోజులు పట్టింది. ప్రాణాలు పోయినప్పుడే లెక్క అంత కష్టమైతే, కాంట్రాక్టర్ 'రేపట్నుంచి రావొద్దు' అన్న వాళ్ల లెక్క ఎవరి దగ్గర దొరుకుతుంది? అందుకే 'మా ఉద్యోగుల్లో ఒక్కరినీ తీయలేదు' అని హెచ్ఆర్ మేనేజర్ చెప్పే మాట చాలాసార్లు అక్షరాలా నిజమే అవుతుంది. అబద్ధమాడాడని రాస్తే మీరే ఇరుక్కుంటారు.

గేటు దగ్గరికి షిఫ్టు మారే వేళకు వెళ్లండి. మధ్యాహ్నం రెండు గంటలకు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఇద్దరూ దొరుకుతారు. గేటు ముందు గుంపులో మైకు పెడితే సంఘం నాయకుడి మాటే వస్తుంది. అదీ కావాలి, కానీ దాంతోనే ఆగొద్దు. కాస్త అవతల టీ కొట్టు దగ్గర కూర్చోండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లతో మాట్లాడటానికి నాలుగు ముక్కల హిందీ ఉండాలి. 'మీకెలా అనిపిస్తోంది' అని అడగకండి. కాగితాలు చూపించమనండి.

పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్‌లోనే ఉంటుంది. తెరవమని, డబ్బు కట్టిన సంస్థ పేరు ఎవరిదో చూడండి. జీతం జమైన బ్యాంకు మెసేజ్‌లో పేరు ఎవరిది? మెడలో వేసుకున్న ఐడీ కార్డు మీద కంపెనీ పేరు పెద్దగా, కాంట్రాక్టర్ పేరు చిన్నగా ఉందా? ఈ మూడూ చూస్తే, అతను ఎవరి రోల్స్‌లో ఉన్నాడో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: 'అన్నా, ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు?' ముందే టైపు చేసిన రాజీనామా లేఖ మీద సంతకం తీసుకుని, చేతిలో ఫుల్ అండ్ ఫైనల్ చెక్కు పెట్టడం అన్ని పారిశ్రామికవాడల్లోనూ ఉన్నదే. రాజీనామా అయితే చట్టం దృష్టిలో అది తొలగింపు కాదు, తొలగింపు పరిహారం లెక్క రాదు. ఆ లేఖలో 'స్వచ్ఛందంగా' అన్న మాట, తేదీ, లేఖ ఏ భాషలో ఉంది అన్నవి రాసుకోండి. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషి ఇంగ్లిషు లేఖ మీద సంతకం పెట్టి ఉంటే మీ వార్తకు అదే ప్రాణం.

ఫోటో తీసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇక్కడ ఒక గేటులో పని పోయినవాడు రేపు పక్క గేటులో, బహుశా అదే కాంట్రాక్టర్ కిందే పని వెతుక్కోవాలి. అతను వద్దంటే పేరూ ముఖమూ వేయొద్దు. 'రోడ్డున పడ్డ కార్మికులు' అని డెస్క్ ఎలాగూ శీర్షిక పెడుతుంది, దానికి ఫోటో మీరు సరఫరా చేయక్కర్లేదు.

ఇక కంపెనీ ప్రకటన. అది స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ అయితే ఎక్స్ఛేంజీకి ఏం తెలిపిందో వెబ్‌సైట్లో చూసి, ఇక్కడి మేనేజర్ చెప్పిన దానితో పోల్చండి. ఇక్కడ 'ఆర్డర్లు లేవు' అని, అక్కడ 'ఉత్పత్తి విస్తరణ' అని ఉంటే ఆ రెండూ పక్కపక్కన రాస్తే చాలు. ప్రశ్నలు ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో పంపి, ఎన్ని గంటలకు పంపారో, ఎప్పటిదాకా ఆగారో వార్తలో చెప్పండి. జరిగింది మూడింట్లో ఏదో ఒకటి తేల్చమని అడగండి: పని లేక కొన్నాళ్లు ఆపారా, శాశ్వతంగా తీసేశారా, యూనిట్టే మూసేస్తున్నారా? తాత్కాలికంగా ఆపితే అర్హులైన కార్మికులకు మూలవేతనం, డీఏలలో సగం ఇవ్వాలి. తీసేస్తే కనీసం నెల నోటీసు లేదా దానికి బదులు జీతం, పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం. ఎనిమిదేళ్లు చేసినవాడికి అది 120 రోజుల జీతం అవుతుంది. గ్రాట్యుటీ దీనికి వేరు. మామూలుగా ఒక విభాగంలో చివర చేరినవాళ్లను ముందు పంపాలి. పదిహేనేళ్ల సీనియర్ బయట ఉండి, నిరుడు చేరినవాడు లోపల ఉంటే కారణం అడగాల్సిందే.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఒక గీత మార్చింది. ఫ్యాక్టరీలో కార్మికుల్ని తీయాలంటే ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలన్న నిబంధన కేంద్ర చట్టంలో ఇదివరకు 100 మంది దగ్గర మొదలయ్యేది, ఇప్పుడు 300 దగ్గర మొదలవుతుంది. గడిచిన 12 నెలల రోజువారీ సగటు మీద ఆ అంకె చూస్తారు. అందుకని సంగారెడ్డి కార్మిక శాఖ అధికారిని అడగాల్సింది 'మీ స్పందన ఏమిటి సార్' అని కాదు. ఆ కంపెనీ సగటు ఎంత, అనుమతికి దరఖాస్తు వచ్చిందా, వస్తే ఏ తేదీన? 60 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క కాబట్టి ఆ తేదీ చాలా అవసరం.

ఉద్యోగ మార్కెట్ గురించి ఒక పేరా చాలు, అది కూడా జాగ్రత్తగా. కేంద్ర గణాంక శాఖ 2025 మే నుంచి నెలనెలా నిరుద్యోగ రేటు ఇస్తోంది. అది దేశం మొత్తం లెక్క, పటాన్‌చెరు అందులో కనపడదు. పైగా గడిచిన వారంలో ఏ ఒక్కరోజైనా గంటసేపు పని చేసిన మనిషి ఆ లెక్కలో ఉద్యోగి కిందే వస్తాడు. పన్నెండేళ్లు యంత్రం నడిపి, పని పోయి, బీహెచ్ఈఎల్ చౌరస్తాలో బైక్ ట్యాక్సీ నడుపుతున్న మనిషి నిరుద్యోగి కాడు. పీఎఫ్ చందాదారుల లెక్క కూడా కంపెనీయో కాంట్రాక్టరో పీఎఫ్ కట్టినవాళ్ల వరకే చెబుతుంది. కాబట్టి జాతీయ అంకె ఒకటి వేసి, దాని పరిమితి ఒక వాక్యంలో చెప్పి, మిగతా పేరా చుట్టుపక్కల తెలుసుకున్న దానితో నింపండి. బొల్లారంలో, ఇస్నాపూర్‌లో గేట్లమీద 'హెల్పర్లు కావలెను' బోర్డులున్నాయా? ఉంటే ఎంత కూలికి? పాత జీతానికీ దీనికీ తేడా ఎంత? మార్కెట్ అంటే పాఠకుడికి అదే.

రాసేటప్పుడు మొదటి వాక్యంలో మీరు నిలబెట్టగలిగిన అంకె మాత్రమే వేయండి. 'పాశమైలారంలో రెండొందల కుటుంబాలు వీధిన పడ్డాయి' అని కాకుండా, ఉదాహరణకు ఇలా: 'పాశమైలారంలోని ఓ ఫ్యాక్టరీలో సోమవారం నుంచి పనికి రావొద్దన్నారని 14 మంది కార్మికులు చెప్పారు. వీరిలో 11 మంది పీఎఫ్ ఖాతాల్లో కాంట్రాక్టర్ పేరు ఉంది. మొత్తం 200 మందిని తొలగించారని సంఘం అంటోంది. తమ రోల్స్‌లో ఎవరినీ తీయలేదని కంపెనీ చెప్పింది.' నాలుగు వాక్యాల్లో నాలుగు గొంతులు, ఏ అంకె ఎవరిదో స్పష్టం. రెండొందలు అబద్ధమని రేపు తేలినా మీ వార్త నిలుస్తుంది, నిజమని తేలినా నిలుస్తుంది.

వార్త పడ్డాక ఆ 14 మంది ఫోన్ నంబర్లు చెరిపేయకండి. తొలగించిన ప్రతి కార్మికుడికీ 15 రోజుల వేతనానికి సమానమైన డబ్బు నైపుణ్య నిధి కింద 45 రోజుల్లో అతని ఖాతాలో పడాలని కొత్త కోడ్ చెబుతోంది. తొలగించిన తేదీ నుంచి లెక్కపెట్టి 46వ రోజున డైరీలో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ఫోన్ చేసి, ఎందరికి పడింది, కాంట్రాక్టర్ కింద ఉన్న 11 మందిలో ఒక్కరికైనా పడిందా అని అడగండి.